ఖరారైన ఇంటర్వ్యూను మరో రోజుకు మార్చమని మెయిల్ రాయడం ఎలా?

ఇంటర్వ్యూలు కుదిర్చే సీటులో నేను కొన్నేళ్లు పనిచేశాను. తేదీ మార్చమని అడిగే మెయిళ్లు ఆ సీటులో ఉన్నవాళ్లకి మామూలే. వాటిని చూసి కోపం తెచ్చుకునే తీరికా ఉండదు. కాకపోతే కొన్ని మెయిళ్లకు ఒక్క రిప్లైతో పని అయిపోతుంది. కొన్నిటికి మాత్రం "మరి మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని నేను అడగాలి, "వచ్చే వారం ఎప్పుడైనా సరే" అని వాళ్లు రాయాలి, నేనొక సమయం వెతికి పంపాలి, "అయ్యో, ఆ రోజు కుదరదండీ" అని జవాబు రావాలి. అభ్యర్థి మీద చిన్న విసుగు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తేదీ మార్చమన్నందుకు కాదు, మార్చే పనంతా నా మీద పడేసినందుకు.

కాబట్టి రాయాల్సిన మెయిల్‌కు పరీక్ష ఒక్కటే: దాన్ని చదివిన మనిషి మిమ్మల్ని ఇంకో ప్రశ్న అడగకుండా కొత్త ఇన్వైట్ పంపగలగాలి. కారణం ఎంత పెద్దదైనా, భాష ఎంత మర్యాదగా ఉన్నా, ఈ పరీక్షలో తప్పితే మెయిల్ తప్పినట్టే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఒకామెకు 2026 జూన్ 11, గురువారం ఉదయం 11 గంటలకు వీడియో ఇంటర్వ్యూ ఖరారైంది. వ్యవధి 45 నిమిషాలు, ప్యానెల్‌లో ముగ్గురు. ఆమె "వస్తాను" అని జవాబిచ్చింది, క్యాలెండర్ ఇన్వైట్ కూడా అంగీకరించింది. జూన్ 8, సోమవారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లమ్మగారి కంటి శుక్లం ఆపరేషన్ ముందుకు జరిగిందట, గురువారం ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు. తోడు వెళ్లడానికి ఇంట్లో ఈమె తప్ప ఇంకెవరూ లేరు.

మొదటి అడుగు: మెయిల్ తెరవకముందు రెండు ఫోన్లు

కంగారులో వెంటనే మెయిల్ రాయడానికి కూర్చుంటాం. ఆ పది నిమిషాలు ఆగండి. మొదట అడ్డొచ్చిన పని దగ్గరే అడగండి: ఇది మారుతుందా? ఆపరేషన్‌ను ఇంకో రోజుకు మార్చగలిగితే ఇంటర్వ్యూ జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు. ఈమె అడిగింది. ఆ రోజు కాకపోతే మళ్లీ మూడు వారాల తర్వాతే అన్నారు. సరే, మార్చాల్సింది ఇంటర్వ్యూయే అని తేలింది.

రెండోది, చాలామంది అడగడం మరిచేది: ఆ పని మీ సమయాన్ని ఎప్పటిదాకా పట్టి ఉంచుతుంది? ఆమె మొదటి ఆలోచన శుక్రవారం ఉదయం స్లాట్ ఇద్దామని. ఆసుపత్రిలో అడిగితే, ఆపరేషన్ మర్నాడు పది గంటలకు కంటి పరీక్షకు మళ్లీ తీసుకురావాలన్నారు. అడగకుండా శుక్రవారం ఉదయమని రాసి ఉంటే, కంపెనీ దానికే ఒప్పుకుని ఉంటే, రెండోసారి తేదీ మార్చమని మెయిల్ రాయాల్సి వచ్చేది. మొదటిసారి అడిగితే మామూలుగా తీసుకునేవాళ్లే రెండోసారికి "ఈ మనిషి వస్తుందా, రాదా?" అని అనుకుంటారు. ఆ రెండో మెయిల్ రాకుండా చూసుకునేది మొదటి మెయిల్‌కు ముందే.

బుధవారం కూడా ఆమె చేతిలో లేదు. ఆపరేషన్‌కు ముందు చేయించాల్సిన పరీక్షలున్నాయి. ఇవన్నీ కాగితం మీద పెట్టాక బుధ, గురువారాలు పూర్తిగా పోయాయి, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోయింది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో సోమవారం ఉదయం ఎటూ కదలని మీటింగ్ ఉంది. మిగిలినవే ఆమె నిజమైన ఖాళీలు.

ఈ ఫోన్ల వంకతో మెయిల్‌ను మర్నాటికి వాయిదా వేయకండి. ముగ్గురి క్యాలెండర్లు కదపాలంటే అవతలివాళ్లకు ఒక పూర్తి పనిదినమైనా కావాలి. సోమవారం సాయంత్రం పంపితే వాళ్ల చేతిలో రెండు రోజులుంటాయి. బుధవారం సాయంత్రం పంపితే ప్యానెల్‌లో ఒకరు అప్పటికే మీ రెజ్యూమె చదివేసి, ఆ గంటను మీకోసం ఖాళీ పెట్టుకుని ఉంటారు.

రెండో అడుగు: ఎవరికి, ఏ మెయిల్ కింద

ఇంటర్వ్యూ ఖరారు చేస్తూ ఏ మెయిల్ వచ్చిందో దాని కిందే రిప్లై ఇవ్వండి. ఆ మెయిల్‌లో మీ పేరు, ఉద్యోగం పేరు, పాత సమయం అన్నీ ఉంటాయి కాబట్టి చదివేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడో చిన్న చిక్కుంది. సబ్జెక్ట్ మారిస్తే జీమెయిల్ ఆ రిప్లైని పాత సంభాషణ నుంచి విడదీసి కొత్తదిగా చూపిస్తుంది. పాత సబ్జెక్ట్‌ను అలాగే ఉంచితే అన్నీ ఒకచోటే ఉంటాయి కానీ, రోజుకు వందల మెయిళ్లు చూసే మనిషికి ఇందులో కొత్త విషయముందని తెలియదు. నేనైతే ఇంటర్వ్యూకు రెండు రోజులో అంతకన్నా ఎక్కువో సమయం ఉంటే సబ్జెక్ట్ జోలికి పోకుండా, మొదటి వాక్యంలోనే విషయం చెబుతాను. 24 గంటల లోపైతే సబ్జెక్ట్ మార్చేస్తాను. అప్పుడు సంభాషణ చీలినా ఫర్వాలేదు, కంట పడటం ముఖ్యం.

మార్చేటట్లయితే ఇలా: "ఇంటర్వ్యూ సమయం మార్పు కోసం – జూన్ 11, గురువారం, ఉదయం 11:00 – (మీ పేరు), (ఉద్యోగం పేరు)". "అత్యవసరం", "ముఖ్య గమనిక" లాంటి మాటలు వద్దు. తేదీ చూస్తే వాళ్లకే తెలుస్తుంది ఎంత అత్యవసరమో.

ఖరారు మెయిల్ చాలాసార్లు రిప్లై తీసుకోని చిరునామా నుంచి వస్తుంది. noreply అని ఉంటే అక్కడికి పంపినా ఎవరూ చూడరు. అంతకుముందు మీతో మాట్లాడిన రిక్రూటర్ చిరునామా పాత మెయిళ్లలో వెతకండి. ఆ మెయిల్‌లోనే సమయం మార్చుకునే లింకు ఇచ్చి ఉంటే అదే దగ్గరి దారి. లింకులో మార్చుకుని, రిక్రూటర్‌కు రెండు వాక్యాల్లో తెలియజేయండి. ప్యానెల్ సభ్యుల చిరునామాలు ఇన్వైట్‌లో కనిపిస్తాయి గానీ, వాళ్లకు రాయకండి. ముగ్గురికీ మెయిల్ వెళ్తే ముగ్గురూ తలో సమయం చెబుతారు, ఆ చిక్కుముడి విప్పాల్సింది మళ్లీ రిక్రూటరే.

ఇక క్యాలెండర్ ఇన్వైట్ సంగతి. మెయిల్ పంపకముందే దాన్ని తిరస్కరించకండి. "ఫలానా అభ్యర్థి తిరస్కరించారు" అన్న ముక్క ఒక్కటే ముందుగా అవతలికి చేరుతుంది. అది చూసి మీరు ఉద్యోగమే వద్దనుకున్నారని అనుకోవచ్చు. గూగుల్ క్యాలెండర్‌లో, ఔట్‌లుక్‌లో కొత్త సమయం సూచించే బటన్ ఉంటుంది. తోటి ఉద్యోగులతో మీటింగులకు అది బాగుంటుంది, ఇక్కడ మాత్రం సరిపోదు. ఒకసారికి ఒకే సమయం సూచించగలరు. పైగా ఇన్వైట్ పంపింది నియామకాల సాఫ్ట్‌వేర్ ఖాతా అయితే మీ సూచన ఏ మనిషికీ చేరకపోవచ్చు. పాత ఇన్వైట్‌ను అలాగే ఉండనివ్వండి. కొత్తది వచ్చాక వాళ్లే దాన్ని రద్దు చేస్తారు.

మూడో అడుగు: కారణం ఎంతవరకు

కారణం ఒక్క వాక్యం, గట్టిగా అయితే రెండు. అందులో రెండు సంగతులు తెలియాలి: అది మీ చేతిలో లేనిదని, ఆ సమయానికే సరిగ్గా అడ్డు వచ్చిందని. "మా అమ్మగారి కంటి ఆపరేషన్ తేదీ ఈ రోజే మారి, గురువారం ఉదయానికి ఖరారైంది. తోడుగా నేనే ఉండాలి." ఇంతకు మించి అక్కర్లేదు. ఏ కన్ను, ఏ ఆసుపత్రి, అన్నయ్య ఎందుకు రాలేకపోతున్నాడు, ఇవన్నీ రాస్తూ పోతే నిజం కూడా అబద్ధంలా వినిపించడం మొదలవుతుంది. రుజువులు జతచేయడమూ అంతే. ఆసుపత్రి కాగితాలు అడిగిన కంపెనీ నాకు తగల్లేదు. అడగకుండా పంపినవాళ్లు మాత్రం తగిలారు. వేరొకరి వైద్య వివరాలు నా ఇన్‌బాక్స్‌లో ఉంటే నాకే ఇబ్బందిగా ఉండేది.

దీనికి పూర్తిగా అవతలి కొస "వ్యక్తిగత కారణాల వల్ల". తప్పు కాదు, కానీ ఏమీ చెప్పదు. నిజంగా చెప్పుకోలేని విషయమైతే కొంచెం రూపమైనా ఇవ్వండి: "ఆరోగ్యపరంగా ముందే తీసుకున్న అపాయింట్‌మెంట్ ఉంది", "కుటుంబంలో ఒకరికి ఆ రోజు వైద్య అవసరం పడింది". వివరం ఇవ్వకపోయినా, విషయం ఏ రకానిదో తెలిస్తే చదివేవాళ్లకు చాలు.

రెండు కారణాల దగ్గర జనం ఎక్కువగా తడబడతారు. ఒకటి, ఇప్పుడున్న ఉద్యోగంలో పని అడ్డురావడం. అది సరైన కారణమే. "ప్రస్తుత ఉద్యోగంలో గురువారం పూర్తిగా హాజరు కావాల్సిన పని పడింది" అంటే సరిపోతుంది. అది ఏ ప్రాజెక్టు, ఏ క్లయింటు అన్నది రాయకండి. ఇప్పటి కంపెనీ లోపలి సంగతులు ఇంత సులభంగా బయటపెట్టే మనిషి రేపు మావీ పెడతాడేమో అన్న అనుమానం వస్తుంది. రెండోది, అదే సమయానికి ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ పడటం. దానికోసం జ్వరం కల్పించక్కర్లేదు. "ఆ సమయానికి ముందే ఒప్పుకున్న మరో కార్యక్రమం ఉంది, మార్చలేని పరిస్థితి" అన్నది నిజమే అయితే నిజంగానే రాయొచ్చు. అయితే ఈ ఇంటర్వ్యూనే ముందు ఒప్పుకుని, తర్వాత వచ్చిన మరోదానికోసం దీన్ని జరుపుతున్నట్లయితే ఆ వాక్యం అబద్ధమవుతుంది. అప్పుడు రెండోవాళ్లనే సమయం మార్చమని అడగండి.

ఇంకా చదువుకోలేదు కాబట్టి వాయిదా కావాలంటే, దానికి మెయిల్ లేదు. ఉన్న రెండు రోజుల్లో చదువుకుని వెళ్లడమే.

నాలుగో అడుగు: స్లాట్లు

మెయిల్‌కు అసలు ప్రాణం ఇక్కడుంది. రిక్రూటర్ ఏం చేస్తారో ఊహించుకోండి. ముగ్గురు ప్యానెల్ సభ్యుల క్యాలెండర్లు పక్కపక్కన తెరుస్తారు. ముగ్గురికీ ఖాళీగా ఉన్న 45 నిమిషాలు వెతుకుతారు. అలాంటివి వారానికి ఐదారు కంటే ఎక్కువ దొరకవు. వాటిలో ఒక్కటైనా మీరు రాసిన సమయాల్లో పడాలి.

అందుకే "శుక్రవారం 3:00, సోమవారం 2:00, మంగళవారం 10:00" అని మూడు చుక్కలు పెడితే అవి తగిలే అవకాశం తక్కువ. చుక్కలకు బదులు నిడివి ఇవ్వండి. ఆమె రాసినవి ఇవి:

శుక్రవారం, జూన్ 12: మధ్యాహ్నం 3:00 – సాయంత్రం 5:30
సోమవారం, జూన్ 15: మధ్యాహ్నం 2:00 – సాయంత్రం 6:00
మంగళవారం, జూన్ 16: ఉదయం 9:30 – మధ్యాహ్నం 1:00

లెక్క వేసి చూడండి. ఇంటర్వ్యూ 45 నిమిషాలు, అరగంటకొక ప్రారంభ సమయం అనుకుంటే, శుక్రవారం 3:00 నుంచి 4:30 దాకా నాలుగు చోట్ల మొదలుపెట్టొచ్చు. సోమవారం ఏడు, మంగళవారం ఆరు. మూడు పంక్తుల్లో 17 అవకాశాలు. పైగా రెండు మధ్యాహ్నాలు, ఒక ఉదయం. ప్యానెల్‌లో ఒకరికి మధ్యాహ్నాలు ఎప్పుడూ మీటింగులే అయితే, మూడు రోజులూ మధ్యాహ్నమే ఇచ్చిన అభ్యర్థికి ఒక్క స్లాటూ దొరకదు. రోజులతో పాటు పూటలు కూడా మారాలన్నది అందుకే.

అలాగని "వచ్చే వారం మొత్తం ఖాళీయే" అనడం ఉదారంగా కనిపిస్తుంది గానీ, పని చేయదు. చదివినవాళ్లు దాన్ని నమ్మరు. నమ్మి ఒక సమయం పెడితే అప్పుడు మీకు ఏదో ఒకటి గుర్తొస్తుంది. ఇచ్చిన ప్రతి నిడివినీ జవాబు వచ్చేదాకా మీరు ఖాళీగా పట్టుకుని ఉండాలి. మీ సొంత క్యాలెండర్‌లో వాటిని నింపేసుకోండి, ఇంకెవరూ అందులో మీటింగ్ పెట్టకుండా. పట్టుకోలేనిది రాయకండి. మూడు రోజులు, ఒక్కోటి రెండు నుంచి నాలుగు గంటలు. చాలామందికి తట్టుకోగలిగిన కొలత ఇదే. ఇంటర్వ్యూ పది పదిహేను నిమిషాలు ఎక్కువ సాగడం మామూలే కాబట్టి, నిడివి చివరి నిమిషానికి ఇంకో పని ఆనించి పెట్టకండి.

మొదటి స్లాట్ పాత తేదీకి వీలైనంత దగ్గరలో ఉండాలి. గురువారం ఇంటర్వ్యూకు శుక్రవారం స్లాట్ ఇస్తే మీ ఆసక్తి దానంతటదే తెలుస్తుంది. రెండు వారాల తర్వాతి తేదీలు మాత్రమే ఇస్తే, ఆలోగా ఇతర అభ్యర్థుల ఇంటర్వ్యూలు ముగిసి, నిర్ణయం కూడా అయిపోవచ్చు. పాత తేదీకంటే ముందే మీకు ఖాళీ ఉంటే అదీ రాయొచ్చు. రేపే రమ్మంటే వెళ్లగలిగేలా సిద్ధపడి ఉన్నారా అని మాత్రం చూసుకోండి.

రాసే తీరులో దొర్లే తప్పులు చిన్నవే, కానీ ఖరీదైనవి. తేదీని 11/06 అని అంకెల్లో రాస్తే కొందరు జూన్ 11 అని, కొందరు నవంబర్ 6 అని చదువుతారు. నెలను పేరుతో రాయండి. వారం పేరూ తేదీ రెండూ రాయండి, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని క్యాలెండర్ తెరిచి చూడండి. "సోమవారం, జూన్ 16" అని రాస్తే, ఆ రోజు మంగళవారం కాబట్టి, మీ ఉద్దేశం ఏదో అడగడానికి ఇంకో మెయిల్ అవసరమవుతుంది. నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించింది ఇదే.

అవతలివాళ్లు వేరే దేశంలో ఉంటే టైమ్ జోన్ తప్పనిసరి. మూడక్షరాల పొట్టి పేర్లను నమ్ముకోకండి. IST అంటే భారత కాలమానమూ కావచ్చు, ఐర్లాండ్ వేసవి కాలమానమూ కావచ్చు, ఇజ్రాయెల్‌దీ కావచ్చు. నగరం పేరుతో రాయండి, లేదా UTC+5:30 లాగా తేడా రాయండి. ఇంకా మంచిది, వాళ్లు పంపిన ఇన్వైట్‌లో ఏ టైమ్ జోన్ ఉందో దానిలోకి మీరే మార్చి రాసి, పక్కన మీ సమయం పెట్టడం. మార్చి నెలలో అయితే మరింత జాగ్రత్త. అమెరికాలో గడియారాలు ఆ నెల రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, ఐరోపాలో చివరి ఆదివారం. మధ్యలో ఆ రెండు మూడు వారాలు మీకు అలవాటైన తేడాలో ఒక గంట మారిపోతుంది. నోటి లెక్క వేయకుండా, ఆ తేదీ పెట్టి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూసుకోండి.

ఐదో అడుగు: మెయిల్

ఇప్పుడు అన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి రాయడానికి పది నిమిషాలు పట్టదు. సోమవారం సాయంత్రం ఐదున్నరకు ఆమె పంపినది ఇలా ఉంది. మీరు ఏ భాషలో రాసినా వరస ఇదే.

> నమస్కారం (రిక్రూటర్ పేరు) గారూ,
>
> జూన్ 11, గురువారం ఉదయం 11:00కు (ఉద్యోగం పేరు) కోసం ఖరారైన నా ఇంటర్వ్యూను మరో సమయానికి మార్చగలరా అని అడగడానికి రాస్తున్నాను.
>
> మా అమ్మగారి కంటి ఆపరేషన్ తేదీ ఈ రోజే మారి, గురువారం ఉదయానికి ఖరారైంది. తోడుగా నేనే ఉండాలి. సమయం ఒప్పుకున్నాక మార్చమని అడగాల్సి వచ్చినందుకు మన్నించండి.
>
> ఈ కింది సమయాల్లో 45 నిమిషాలు ఎప్పుడైనా నాకు వీలవుతుంది:
>
> శుక్రవారం, జూన్ 12: మధ్యాహ్నం 3:00 – సాయంత్రం 5:30
> సోమవారం, జూన్ 15: మధ్యాహ్నం 2:00 – సాయంత్రం 6:00
> మంగళవారం, జూన్ 16: ఉదయం 9:30 – మధ్యాహ్నం 1:00
>
> ప్యానెల్‌కు వీటిలో ఏదీ కుదరకపోతే, వాళ్లకు అనువైన రెండు మూడు సమయాలు చెప్పండి, సర్దుకోవడానికి చూస్తాను. ఫోన్ చేయాలనుకుంటే నా నంబరు కింద ఉంది.
>
> ఈ ఉద్యోగం గురించి ప్యానెల్‌తో మాట్లాడాలని ఎదురుచూస్తున్నాను.
>
> (పేరు)
> (ఫోన్ నంబరు)

మొదటి వాక్యంలోనే అడగాల్సింది అడిగేసింది, పాత సమయమూ చెప్పేసింది. క్షమాపణ ఒక్కసారే ఉంది. మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఇంకొకటి పెడితే చదివేవాళ్లకు ఏదో పెద్ద తప్పు జరిగిందన్న భావన మీరే కలిగించినట్టవుతుంది. "వీటిలో ఏదీ కుదరకపోతే" అన్న వాక్యం చిన్నదే అయినా వదలకండి. అది లేకపోతే మూడు స్లాట్లూ కుదరని రోజున సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

ఒక వాక్యాన్ని మాత్రం కావాలనే రాయలేదు: "కుదరకపోతే గురువారమే వచ్చేస్తాను." మర్యాదకు ఇది రాసేవాళ్లు చాలామంది. దాంతో పై కారణం అంత గట్టిది కాదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రిక్రూటర్‌కు తేలిక దారి కూడా అదే కాబట్టి "అయితే గురువారమే ఉంచుదాం" అని జవాబు వస్తుంది. నిజంగా వెళ్లగలిగితేనే రాయండి.

పంపేముందు స్లాట్లను మీ క్యాలెండర్ పక్కన పెట్టుకుని ఒకసారి గట్టిగా చదవండి. రిక్రూటర్ పేరు సరిగా ఉందో లేదో చూడండి. ఒకేసారి నాలుగు కంపెనీలతో నడుస్తున్నవాళ్లు పాత మెయిల్ కాపీ చేసి వేరే కంపెనీ పేరు వదిలేయడం నేను చూశాను.

కంపెనీ మీకోసం ప్రయాణ టికెట్లు గానీ, బస గానీ బుక్ చేసి ఉంటే, కారణం తర్వాత ఒక వాక్యం కలపండి: "నాకోసం బుక్ చేసిన టికెట్లు మార్చడానికి నా వైపు నుంచి ఏదైనా చేయాల్సి ఉంటే చెప్పండి." ఆ సంగతి మీకు గుర్తుందని తెలిస్తేనే సగం ఇబ్బంది తగ్గుతుంది.

అదే రోజు ఉదయం అయితే

ఎనిమిదింటికి లేచేసరికి 102 జ్వరం, గొంతు పెగలడం లేదు. ఇంటర్వ్యూ 11 గంటలకు. ఇక్కడ వరస తిరగబడుతుంది: ముందు ఫోన్, తర్వాత మెయిల్. మీ మెయిల్‌ను వాళ్లు పదకొండున్నరకు తెరిస్తే అది వాయిదా కాదు, గైర్హాజరే. మాట్లాడలేకపోతే ఇంట్లో ఇంకొకరి చేత చేయించండి, లేదా నంబరుకు సందేశం పంపండి. మెయిల్ మాత్రం చిన్నది చాలు:

> నమస్కారం (పేరు) గారూ, ఈ రోజు ఉదయం 11:00కు నా ఇంటర్వ్యూ ఉంది. రాత్రి నుంచి జ్వరం, గొంతు నొప్పితో మాట్లాడలేకపోతున్నాను. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు మన్నించండి. సోమవారం, జూన్ 15 మధ్యాహ్నం 2:00 – 6:00, లేదా మంగళవారం, జూన్ 16 ఉదయం 9:30 – 1:00 మధ్య ఎప్పుడైనా వీలవుతుంది. మీ నంబరుకు ఫోన్ కూడా చేశాను.

మర్నాటి స్లాట్ ఇవ్వలేదు చూడండి. ఇవాళ 102 ఉన్న మనిషి రేపు ఉదయానికి మామూలుగా మాట్లాడగలడన్న నమ్మకం లేదు.

ఆరో అడుగు: పంపిన తర్వాత

సోమవారం సాయంత్రం పంపిన మెయిల్‌కు మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగొచ్చు. అప్పటికీ జవాబు లేకపోతే ఫోన్ చేయండి. "నిన్న సాయంత్రం మెయిల్ పంపానండీ, గురువారం ఇంటర్వ్యూ సమయం మార్పు గురించి. అందిందా?" అంటే చాలు, కారణమంతా మళ్లీ మొదటినుంచి చెప్పక్కర్లేదు. ఫోన్ ఎత్తకపోతే అదే మెయిల్ కింద రెండు పంక్తులు రాయండి, స్లాట్లు మళ్లీ అక్కడే పెట్టి. జవాబు రాలేదంటే ఒప్పుకున్నారని కాదు. కొత్త సమయం రాతపూర్వకంగా వచ్చేదాకా పాత ఇంటర్వ్యూ బతికే ఉన్నట్టు లెక్క.

ఎదురుచూసే లోపు మీరిచ్చిన స్లాట్లలో ఒకటి చెడిపోతే వెంటనే చెప్పండి: "శుక్రవారం ఇక వీలుకాదు, మిగతా రెండూ అలాగే ఉన్నాయి." వాళ్లు శుక్రవారం ఖరారు చేశాక చెప్పడం కంటే ఇది వందరెట్లు నయం.

ఆమెకు మంగళవారం ఉదయం జవాబు వచ్చింది: సోమవారం, జూన్ 15, మధ్యాహ్నం 3:00. వెంటనే ఆమె రాసింది, "సోమవారం, జూన్ 15, మధ్యాహ్నం 3:00 నాకు వీలవుతుంది. మార్చినందుకు, ప్యానెల్‌కు కూడా, ధన్యవాదాలు." తేదీ, సమయం మళ్లీ పూర్తిగా రాయడం చాదస్తంగా అనిపించొచ్చు. ఇద్దరూ ఒకే సమయం అనుకుంటున్నారని రుజువు చేసేది ఆ వాక్యమే. ఆ తర్వాతే శుక్రవారం, మంగళవారం పట్టి ఉంచిన గంటలను ఆమె వదిలేసింది.

కొత్త ఇన్వైట్ వచ్చాక మూడు చూడాలి: సమయం మాట్లాడుకున్నదేనా, వీడియో లింకు మారిందా, పాతది రద్దయిందా. పాత ఇన్వైట్ క్యాలెండర్‌లో అలాగే ఉండిపోతే అది ప్యానెల్‌లో ఎవరో ఒకరి దగ్గర కూడా ఉండిపోయి ఉండొచ్చు. "జూన్ 11 నాటి పాత ఇన్వైట్ ఇంకా కనిపిస్తోంది, మీ వైపు రద్దయిందా?" అని అడగడానికి మొహమాటపడకండి. గురువారం 11 గంటలకు ఒక ప్యానెల్ సభ్యుడు ఖాళీ తెర ముందు మీకోసం పావుగంట కూర్చుని, "అభ్యర్థి రాలేదు" అని రాసేసిన సందర్భం నాకు తెలుసు. పాపం ఆ అభ్యర్థి చేసిన తప్పేమీ లేదు.

కుదరదంటే

కొన్నిసార్లు "ఈ వారంలోనే ఇంటర్వ్యూలు ముగించాలి, మార్చలేం" అని జవాబు వస్తుంది. అప్పుడు బతిమాలడం కంటే రూపం మార్చి అడగడం మేలు. అదే రోజు సాయంత్రం కుదురుతుందా? ముగ్గురు కాకుండా ఇద్దరితోనైనా జరుగుతుందా? నేరుగా వెళ్లాల్సింది వీడియోలో చేయొచ్చా? వీటిలో మీకు నిజంగా వీలైనది ఒక్కటి ఎంచుకుని అడగండి. ఆమె విషయంలో అలాంటి జవాబు వచ్చి ఉంటే గురువారం సాయంత్రం 6 తర్వాత, అమ్మగారిని ఇంటికి చేర్చాక, ఫోన్‌లో అరగంట మాట్లాడగలనని అడగాలని ముందే అనుకుని పెట్టుకుంది. మొదటి మెయిల్‌లో అది రాయకపోవడం మంచిదే అయింది. రోజంతా ఆసుపత్రిలో తిరిగి వచ్చి ముగ్గురి ముందు కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

అదీ కుదరకపోతే, ఆపరేషనా ఇంటర్వ్యూనా అన్నది మీ నిర్ణయం. ఇంటర్వ్యూ వదులుకుంటున్నట్లయితే ఆ మాట రాసి పంపండి, మౌనంగా గైర్హాజరు కావద్దు: "గురువారం నేను హాజరు కాలేను, ఆ సమయాన్ని ఇంకొకరికి ఇవ్వగలరు. ఇలాంటి ఉద్యోగం మళ్లీ ఉంటే నన్ను గుర్తుంచుకోండి." ఆ సీటులో ఉన్నప్పుడు ఇలా రాసి తప్పుకున్నవాళ్ల పేర్లు నేను విడిగా ఒక జాబితాలో పెట్టుకునేదాన్ని. కొత్త ఖాళీ వచ్చినప్పుడు మొదట తెరిచేది ఆ జాబితానే.